మారు వడ్డనకు ‘చాలు’ చెప్పేదెలా?

మన భోజనాల దగ్గర మొదటి ‘వద్దు’ లెక్కలోకి రాదు. మొహమాటపడుతున్నారనుకుని వడ్డించేవాళ్లు ఇంకో గరిటె వేస్తారు. బలవంతం చెయ్యకపోతే మర్యాద తక్కువైందన్న మాట పడాల్సివస్తుందని వాళ్ల భయం. అందుకే గొంతు పెంచి చెప్పడం కన్నా అదను చూసి చెప్పడం మేలు.

షుగరు ఉన్న ఒకావిడ పండక్కి పెద్దమ్మగారింటికి భోజనానికి వెళ్తోందనుకుందాం. అక్కడ పులిహోర, పూర్ణం బూరెలు ఎలాగూ ఉంటాయి. ఆ సంగతి విస్తరి ముందు కూర్చున్నాక ఎత్తితే, చేసిన పిండివంట వద్దన్నట్టవుతుంది. ముందు రోజే ఫోన్ చేసి, “పెద్దమ్మా, నాకు షుగరు, బూరెలు వెయ్యకు. నీ గుత్తివంకాయ కూర మాత్రం అడిగి మరీ వేయించుకుంటా” అంటే సరిపోతుంది. కొసరి వడ్డించాలన్న ఆవిడ ముచ్చటా తీరుతుంది.

విస్తట్లో ఏదైనా ఖాళీ అయిందంటే మారు అడిగినట్టే లెక్క. కాబట్టి అన్నం మొదట్లోనే కొద్దిగా పెట్టించుకుని, కూర కొంచెం మిగుల్చుకుంటూ నెమ్మదిగా తినాలి. గరిటె వంగకముందే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. ఒకసారి పడ్డాక అది ఎంగిలే, వెనక్కి తీయరు. కడుపు నిండుతోందనగానే మనమే పెరుగు అడగాలి. పెరుగన్నం కలిపినవాళ్ల దగ్గరికి మళ్లీ పప్పు గిన్నె పట్టుకుని ఎవరూ రారు.

అయినా, “బెల్లమేగా, ఏం కాదు, ఒక్కటి తిను” అంటారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. అదీ రక్తంలో షుగరు పెంచుతుంది. “ఈ పూటకి ఇంకో మాత్ర వేసుకో” అన్న సలహా ఇంకా ప్రమాదం. డాక్టరు చెప్పకుండా మోతాదు పెంచితే షుగరు మరీ పడిపోవచ్చు. అలాగని, ఇన్సులిన్ తీసుకున్నవాళ్లు బలవంతానికి భయపడి భోజనమే మానేసినా అదే ముప్పు.

వేరుశనగ, జీడిపప్పు లాంటివాటితో అలర్జీ ఉంటే మొహమాటానికి చోటే లేదు. పులిహోరలోంచి పల్లీలు ఏరేసినా వాటి అంశ అన్నంలో ఉండిపోతుంది. “నాకు పడదు” అంటే ఇష్టం లేదేమో అనుకుంటారు. “తింటే ఊపిరాడదు, ఆసుపత్రికి పరిగెత్తాలి” అని విడమరిచి చెబితే ఇంకెవరూ బలవంతపెట్టరు.

ఎన్నిసార్లు అడిగినా నవ్వుతూ అదే కారణం చెప్పాలి. ఒకసారి కడుపు నిండిందని, ఇంకోసారి డైటింగని మాట మారిస్తే బేరానికి దారి ఇచ్చినట్టే. మాంసం మానేసినవాళ్లు “ఇవాళ శనివారం” అని తప్పించుకుంటే ఆ పూటకు గండం గడుస్తుంది. “అయితే రేపు ఆదివారమేగా, ఉండిపో, కోడి కోయిస్తా” అంటే మాత్రం అసలు సంగతి చెప్పక తప్పదు.