సీ షిఫ్టు దిగిన ఆదివారం

మా మేనల్లుడు సంగారెడ్డి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ ఆపరేటర్. సోమ, మంగళవారాలు వాడిది ఏ షిఫ్టు, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. బుధ, గురువారాలు బీ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది. శుక్ర, శనివారాలు సీ షిఫ్టు, రాత్రి పదికి ఎక్కితే తెల్లారి ఆరుకు దిగడం. ఆదివారం ఆరింటికి దిగాక వీక్లీ ఆఫ్. సోమవారం ఆరింటికి మళ్లీ గేటు దగ్గర ఉండాలి. అంటే సరిగ్గా 24 గంటలు. ఇందులో చట్టం తప్పిందేమీ లేదు. అర్ధరాత్రి దాటే షిఫ్టులో పనిచేసేవాళ్లకు వారపు సెలవంటే షిఫ్టు ముగిసిన క్షణం నుంచి వరసగా 24 గంటలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే లెక్క కట్టింది. రానూపోనూ బస్సులో గడిచే రెండు గంటలు ఆ లెక్కలో ఎవరి ఖాతాలో పడతాయో చెప్పలేదు.

వాడు ఓసారి ఇంటికొస్తే, నైట్లు ఎలా ఉన్నాయిరా అని అడిగాను. "నైట్లదేముంది మామయ్యా, ఎలాగో లాగేస్తా. సోమవారం పొద్దున డ్యూటీయే నన్ను చంపుతోంది" అన్నాడు. ఆదివారం ఏం చేస్తావో చెప్పమన్నాను. ఏడింటికి ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకుంటాడట. లేచేసరికి సాయంత్రం నాలుగు. రాత్రి తొమ్మిదికి మంచమెక్కినా ఒంటిగంట దాకా కునుకు పట్టదు. నాలుగుంపావుకు అలారం. తొమ్మిది గంటలు పగలు పడుకున్న మనిషి సోమవారం మూడు గంటల నిద్రతో రియాక్టర్ ముందు నిలబడుతున్నాడు. తిప్పలు మొదలయ్యేది సీ షిఫ్టులో కాదు, అది దిగాక వాడు పడుకునే తీరులో.

ఎందుకంటే మనకు నిద్ర రావడానికి రెండు వేరువేరు కారణాలున్నాయి. ఒకటి బాకీ లాంటిది. మెలకువగా ఉన్న ప్రతి గంటా పెరుగుతూ పోతుంది, పడుకుంటే తీరుతుంది. రెండోది మెదడులో, కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన ఉన్న గడియారం. వెలుతురు చూసి అది పగలో రాత్రో తేల్చుకుంటుంది. మనం పడుకున్నా పడుకోకపోయినా తెల్లవారుజామున నాలుగు, ఐదు ప్రాంతంలో ఒంటి వేడిని అన్నిటికన్నా కిందికి దించుతుంది, పొద్దెక్కే కొద్దీ మళ్లీ పెంచుతుంది. అందుకే సీ షిఫ్టు దిగినవాడికి బాకీ కొండంత ఉన్నా పగటి నిద్ర ఐదారు గంటలకే విరిగిపోతుంటుంది. రెండు నైట్ల బాకీ మోసుకొచ్చిన మావాడు ఆదివారం తొమ్మిది గంటలు ఏకబిగిన పడుకుంటే ఆ బాకీ చాలావరకు పగలే తీరిపోయింది. ఇక రాత్రి తొమ్మిదికి బాకీ లేదు, గడియారమేమో ఇంకా పడుకునే వేళ కాలేదంటోంది. నిద్ర ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈ గడియారాన్ని తిప్పవచ్చు, కాకపోతే చాలా నెమ్మదిగా. రోజుకు ఒక గంట, మహా అయితే గంటన్నర. రాత్రిని పగలుగా మార్చుకోవాలంటే వారం పైన పడుతుంది. వాడికున్నవి రెండే రాత్రులు. అది సగం తిరిగేలోపే ఏ షిఫ్టు వచ్చేస్తుంది. అందువల్ల ఇలాంటి వారంలో గడియారాన్ని తిప్పే ప్రయత్నమే చేయకూడదు. దాన్ని పగటి మనిషిదిగానే ఉంచి, ఆ రెండు రాత్రులను అప్పు చేసి గడిపి, ఆదివారం రాత్రి తీర్చాలి. నిద్రా తిండీ రెండూ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడతాయి.

వరస మాత్రం వాడి రోస్టరులో సరిగానే ఉంది. పొద్దున, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి. మన లోపలి గడియారం 24 గంటలకు కొద్దిగా ఎక్కువే తీసుకుంటుంది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం సులువు, పెందలాడే పడుకోవడం కష్టం. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఒక పొటాష్ కర్మాగారంలో షిఫ్టులు వెనక్కి తిరిగేవి, ఏ వారానికావారం మారేవి. వాటిని ముందుకు తిరిగేలా, మూడేసి వారాలకోసారి మారేలా చేసి చూశారు. కార్మికుల ఆరోగ్యమూ ఉత్పత్తీ రెండూ మెరుగయ్యాయని 1982లో సైన్స్ పత్రికలో రాశారు. బీ షిఫ్టు పదింటికి దింపి మర్నాడు ఆరింటికి ఏ షిఫ్టుకు రమ్మనే రోస్టరు మీకుంటే ముందు మార్పించుకోవలసింది అదే. మధ్యలో ఎనిమిది గంటలే మిగులుతాయి, వాటిలో నిద్ర ఐదు గంటలు కూడా కాదు.

ఇక వాడి వారం. బుధ, గురువారాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అర్ధరాత్రి పడుకుని ఏడున్నరకు లేస్తే సరిపోతుంది. ఒక్కటే చిక్కు. బీ షిఫ్టులో రాత్రి భోజనం ఇంటికొచ్చాక పదకొండున్నరకు చేసేవాడు. దాన్ని క్యాంటీన్లో ఏడింటికే కానిచ్చి, ఇంటికొచ్చాక గ్లాసు మజ్జిగ తాగి పడుకోమన్నాం.

శుక్రవారం అసలు పరీక్ష. మామూలుగా లేస్తే శనివారం పొద్దున ఇల్లు చేరేసరికి 23 గంటలు కంటిమీద కునుకు లేకుండా గడిచిపోతాయి. కనుక మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు నుంచి నాలుగు దాకా గది చీకటి చేసుకుని పడుకోవాలి. ఆ వేళకు గడియారమే కాస్త సడలుతుంది. సాయంత్రం ఏడింటికి పడుకుందామంటే చాలామందికి పట్టదు, అది గడియారం మనిషిని బాగా మేలుకొలిపి ఉంచే సమయం. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకోవడం నయమే. బస్సు తొమ్మిదికి, కనుక రాత్రి భోజనం ఎనిమిదికల్లా అయిపోవాలి.

ఇక్కడే వాడితో వాదన వచ్చింది. సీ షిఫ్టులో ఒంటిగంటన్నరకు క్యాంటీన్ భోజనం పెడతారు. అన్నం, సాంబారు, గుడ్డు కూర, ఓ స్వీటు. ఉచితం. "పెట్టింది వదిలేయమంటావా?" అన్నాడు. అన్నం మాత్రం వదిలేయమన్నాను. రాత్రి ఒంట్లో మెలటోనిన్ ఎక్కువగా ఉన్న వేళ ఇన్సులిన్ సరిగా ఊరదు. పొద్దున ఎనిమిదికి తిన్న నాలుగు ఇడ్లీలు, రాత్రి రెండింటికి తిన్న అవే నాలుగు ఇడ్లీలు రక్తంలో ఒకేలా కలవవు. రెండో వేళ చక్కెర ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రి పరిశోధకులు 19 మంది ఆరోగ్యవంతులను ల్యాబులో ఉంచి, నైట్ డ్యూటీ లాంటి దినచర్య చేయించారు. కొందరికి రాత్రీ పగలూ తిండి పెట్టారు, మిగిలినవాళ్లకు పగలే పెట్టారు. రాత్రి తిన్నవాళ్లలో సగటు గ్లూకోజు 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవాళ్లలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. రెండు గుంపులూ మేలుకున్న వేళలు ఒకటే. 2021లో అచ్చయిన ఈ పరీక్ష చిన్నదే, పైగా ల్యాబులో జరిగింది. అయినా అది చెప్పే సంగతి మావాడికి కడుపే చెబుతోంది. సీ షిఫ్టు వారమంతా పుల్లటి తేన్పులు, ఉబ్బరం.

అలాగని ఆకలితో మాడక్కర్లేదు. అదే క్యాంటీన్ పళ్లెంలోంచి గుడ్డు, ఒక గిన్నె కూర తీసుకోవచ్చు. ఉడకబెట్టిన శనగలు, వేయించిన పల్లీలు గుప్పెడు, మజ్జిగ ఇంటినుంచి తీసుకెళ్లొచ్చు. అది కూడా వీలైతే పన్నెండుకు అటూ ఇటూ. తిన్నాక మూడింటికి వచ్చే మత్తు కూడా తగ్గిందని వాడే చెప్పాడు. షుగరుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం ఇది చదివి భోజనం మానేయకూడదు. మందు వేళ అలాగే ఉండి తిండి జరిగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రోస్టరు కాగితం డాక్టరు ముందు పెట్టి, ఏ షిఫ్టుకు ఏ మాత్ర ఎప్పుడో రాయించుకోవాలి.

కాఫీ మొదట్లోనే తాగాలి. పదిన్నరకు ఒకటి, ఒంటిగంటకు ఒకటి, అక్కడితో సరి. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. నాలుగింటి టీ ఆ గంటకు హాయిగానే ఉంటుంది, ఎనిమిదింటి నిద్రను మాత్రం చెడగొడుతుంది. నాలుగు నుంచి ఐదున్నర దాకా వాల్వు తిప్పడం, బ్యాచ్ రికార్డులో అంకె రాయడం లాంటివి ఇంకొకరిని పక్కన పెట్టుకుని చేయడం మంచిది. ఒకే వరస రెండుసార్లు చదువుతున్నారంటే, ఇప్పుడే చూసిన ప్రెషరు రీడింగు గుర్తు రాలేదంటే మెదడు మధ్యమధ్యలో క్షణంపాటు నిద్రపోతోందని అర్థం. అలాంటి పొద్దున సొంత బండి తీయకూడదు. రిలీవరు రాక 16 గంటలు చేసిన రోజు అసలే తీయకూడదు.

శనివారం పొద్దున ఏడింటికి రెండు ఇడ్లీలు తిని, ఎనిమిదిలోపు పడుకుని, ఒంటిగంటకు లేచి భోజనం. రాత్రి బస్సుకు ముందు గంట కునుకు దొరికితే అదృష్టం. వాడి గదికి నల్లటి కర్టెన్ల ఖర్చు ఎందుకని పాత దుప్పటి కిటికీకి మేకులతో కొట్టారు. కాలింగ్ బెల్లు వైరు కూడా తీసేశారు. సీ షిఫ్టు దిగాక నిద్ర కోసం పెగ్గు వేసుకునే అలవాటు వాడి తోటివాళ్లలో ఉంది. పెగ్గు పడుకోబెడుతుంది, రెండు మూడు గంటల్లో తనే లేపేస్తుంది.

ఆదివారం కిటుకంతా తక్కువ పడుకోవడంలో ఉంది. ఎనిమిదికి పడుకుంటే పదకొండుకు అలారం. మూడు గంటలు నరాలు చల్లబడటానికి చాలు, బాకీ అంతా తీరడానికి చాలవు. ఆ మిగిలిన బాకీయే రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి నిద్ర పట్టిస్తుంది. లేవగానే ఎండలోకి వెళ్లాలి, ఒంటిగంటకు భోజనం, తర్వాత కావాలంటే ఇరవై నిమిషాల కునుకు, అదీ మూడింటిలోపు. రాత్రి అన్నం ఏడింటికి. ఇదంతా రెండు మూడు నైట్ల వారానికే పనికొస్తుంది. వరసగా పది నైట్లు చేసేవాళ్ల లెక్క వేరు. ఆఫ్ రోజుల్లోనూ నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పినా, అది షిఫ్టు తప్పు అనుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

మొదటి ఆదివారం పదకొండుకు వాళ్లావిడ లేపితే వాడు లేవలేదు. రెండో ఆదివారం ఫోను మంచం పక్కన కాకుండా వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టింది. అది ఆపడానికి లేచి వెళ్లినవాడి చేతికి సంచి ఇచ్చి, చికెన్ తెమ్మని ఎండలోకి పంపింది.