ఐక్యూ 89 అంటే వందకు 89 కాదు

పిల్లవాడి ఐక్యూ 89 అని రిపోర్టు చేతికి రాగానే కొందరు తల్లిదండ్రులు "ఫర్వాలేదు, డిస్టింక్షనే" అనుకుంటారు. ఇంకొందరు తక్కిన పదకొండూ ఎక్కడ పోయాయని అడుగుతారు. నిజానికి అది మార్కు కాదు. తన ఈడు పిల్లల్లో ఈ పిల్లవాడు ఎక్కడున్నాడో చెప్పే లెక్క.

మొదట్లో లెక్క వేరేగా ఉండేది. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడార్ సిమాన్ కలిసి ఒక పరీక్ష తయారుచేశారు. బడిలో ఎవరికి ప్రత్యేకంగా చెప్పాలో తేల్చడమే దాని పని. తర్వాత 'మానసిక వయసు' అన్న ఊహ వచ్చింది. 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ దాన్ని అసలు వయసుతో భాగించాడు. పన్నెండేళ్ల వాళ్లు చేసేవన్నీ చేయగల పదేళ్ల పిల్లకు, వందతో హెచ్చవేస్తే, 120. పిల్లల వరకు బాగానే ఉంది. కానీ పెద్దయ్యాక మానసిక వయసు ఏటేటా పెరగదు కదా! ఇరవై ఏళ్లవాడిలా ఆలోచించే నలభై ఏళ్ల మనిషికి ఈ లెక్కన 50 వస్తుంది. అందుకే అమెరికాలో డేవిడ్ వెక్స్లర్ 1939లో తన పరీక్షకు భాగహారం వదిలేసి, తోటివాళ్లతో పోల్చే పద్ధతి పట్టుకున్నాడు. నేటి ఐక్యూలు ఎక్కువగా ఈ తరహావే.

ఆ పోలిక ఎలా జరుగుతుందో చూద్దాం. ఊళ్లూ పట్నాలూ, పేదా గొప్పా, ఆడా మగా సమాజంలో ఉన్న పాళ్లలోనే వచ్చేలా పిల్లలను ఎంచి, అందరికీ ఒకే మాటల్లో, ఒకే సమయమిచ్చి పరీక్ష పెడతారు. ఎనిమిదేళ్ల వాళ్ల సగటు 40 వచ్చిందనుకోండి. మామూలు హెచ్చుతగ్గు, అంటే ప్రామాణిక విచలనం, 8 అనుకోండి. సగటును 100 అనీ, ఒక విచలనాన్ని 15 అనీ పేరు మార్చి రాసుకుంటారు. మన పిల్లవాడికి 34 వచ్చింది. సగటుకు 6 తక్కువ, అంటే ముప్పావు విచలనం. 15లో ముప్పావు సుమారు 11. వందలో అది తీసేస్తే 89. నూరుమంది ఈడువాళ్లలో దాదాపు 23 మంది అతని వెనక ఉన్నారన్నమాట. పోయిన పదకొండు మార్కుల సంగతి ఇదీ.

ఇంతకీ కొలుస్తున్నది దేన్ని? 1904లో ఇంగ్లాండులో చార్లెస్ స్పియర్‌మన్ ఒక విషయం గమనించాడు. ఒక సబ్జెక్టులో ముందున్న పిల్లలు తక్కినవాటిలోనూ ముందుండటమే ఎక్కువ. అన్నిటి వెనకా ఒక సాధారణ సామర్థ్యం ఉందని, దానికి 'జి' అని పేరు పెట్టాడు. 1983లో హోవార్డ్ గార్డ్‌నర్ అది ఒక్కటి కాదన్నాడు. సంగీతం, శరీర నైపుణ్యం, ఎదుటివారిని గ్రహించడం వంటి ఏడు వేర్వేరు మేధలు ఉన్నాయని చెప్పి, తర్వాత ప్రకృతిని గుర్తుపట్టే మేధనూ చేర్చాడు. టీచర్లకు ఈ మాట ఎంతో నచ్చింది. నాకూ నచ్చుతుంది, కానీ కొలతల ముందు అది బలహీనం. వాటిని విడివిడిగా కొలిచే, అందరూ ఒప్పుకున్న పరీక్షలు లేవు. కొలవగలిగినవి మళ్లీ ఒకదానితో ఒకటి ముడిపడే ఉంటున్నాయి. ఈ మేధలను వేలిముద్రలతో తేలుస్తామని డబ్బు గుంజే వ్యాపారానికైతే శాస్త్రాధారమే లేదు.

పోలిక తప్పితే సంఖ్యా తప్పుతుంది. వెక్స్లర్ పరీక్షల్లో అంకెలు విని అదే వరుసలో తిరిగి చెప్పే భాగం ఒకటుంది. 8, 9, 4, 1 ఇంగ్లీషులో అంటే నాలుగు అక్షరాల పలుకు. 'ఎనిమిది, తొమ్మిది, నాలుగు, ఒకటి' అనండి, పదమూడు! పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు తక్కువ గుర్తుంటాయని 1980లో వెల్ష్ భాషవాళ్ల మీద జరిగిన పరిశోధన చూపింది. తెలుగులో అడిగి, అమెరికా పిల్లల పట్టికలో స్కోరు చూస్తే ఆ తేడా పిల్లవాడి ఖాతాలో పడుతుంది. పట్టిక పాతదైనా చిక్కే, అయితే ఎదురు దిశలో. 20వ శతాబ్దంలో అమెరికాలో సగటు స్కోరు పదేళ్లకు సుమారు 3 చొప్పున పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ తేల్చాడు. ముప్పై ఏళ్లనాటి పట్టిక నేటి పిల్లవాడిని ఉన్నదానికంటే పైన చూపవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా, మంచి పరీక్షలోనే అయిదారు పాయింట్ల అటూఇటూ సహజం. మన 89ని 83 నుంచి 95 మధ్య అని చదవాలి. మేధో వైకల్యానికి హద్దు దాదాపు 70 దగ్గర, అంటే సగటుకు రెండు విచలనాలు కింద. 72, 69 వచ్చిన ఇద్దరు పిల్లల మధ్య నిజమైన తేడా ఉందని ఈ పరీక్ష చెప్పలేదు. సర్టిఫికెట్ ఇచ్చేచోట మాత్రం ఒకరు గీతకు ఇటూ ఒకరు అటూ అవుతారు. అందుకే సైకాలజిస్టులు ఐక్యూ ఒక్కటే చూసి ఊరుకోరు. తనంతట తాను అన్నం తింటాడా, బట్టలు వేసుకుంటాడా, కొట్టుకు పోయి సరుకు తేగలడా అని తల్లిని విడిగా అడిగి రాసుకుంటారు.