ఆఖరు బాల్ నేల మీద దొర్లించిండ్రు

రూల్ తప్పకుంటే సాలు, ఎట్ల గెలిశినా గెలుపే అంటరు శానామంది. గా మాట ఎంత నిజమో తెల్వాలంటే 1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌ల జరిగిన వన్డే యాది చేసుకోవాలె.

ఆస్ట్రేలియా 235 పరుగులు చేసింది. న్యూజిలాండ్‌కు ఒక్క బాలే మిగిలింది. సిక్స్ కొడితే మ్యాచ్ టై. బ్యాట్ పట్టుకున్నది బ్రయన్ మెక్‌కెక్నీ. ఆయనకు గదే మొదటి బాల్. అంత పెద్ద గ్రౌండ్‌ల సిక్స్ కొట్టుడు కష్టమే. అయినా కెప్టెన్ గ్రెగ్ చాపెల్‌కు భయమైంది. బాల్ ఎయ్యబోతున్న తమ్ముడు ట్రెవర్‌తోని, చెయ్యి పైకి లేపకుండ నేల మీద దొర్లియ్యమన్నడు. దొర్లే బాల్‌ను సిక్స్ ఎట్ల కొడ్తరు? మెక్‌కెక్నీ బాల్ ఆపి, కోపంతోని బ్యాట్ ఇసిరేశిండు. ఆస్ట్రేలియా 6 పరుగులతోని గెలిశింది.

అప్పటి రూల్ ప్రకారం అది తప్పు కాదు. మరి గెలుపు ఎందుకు ఉత్తదైంది? మ్యాచ్ అంటే ఒక ప్రశ్న. మెక్‌కెక్నీ సిక్స్ కొడ్తడా, ట్రెవర్ ఆపుతడా? జవాబు బాల్ చెప్పాలె. చాపెల్ ఆ జవాబే రానియ్యలే. మామూలు బాల్ ఏశినా చానా వరకు ఆస్ట్రేలియానే గెలుస్తుండె. కానీ గిప్పుడు ఎవ్వరూ గట్టిగ చెప్పలేరు, గెలిశినోళ్లు కూడా.

తర్వాత వన్డేలల్ల గట్ల దొర్లిచ్చుడు బంద్ పెట్టిండ్రు. ఆ మ్యాచ్‌ల చాపెల్ 90 కొట్టిండు, న్యూజిలాండ్ బ్రూస్ ఎడ్గర్ 102 నాటౌట్. గవి ఎవ్వరికీ యాదికి లెవ్వు. దొర్లిన బాలే యాదికుంది.

మన ఊరి టోర్నీల గూడ గంతే. బ్యాట్‌కు బాల్ తాకింది నీకు ఎరుకే, అంపైర్ ఇనలే. నువ్వు నిలవడి యాభై కొడితే, గా యాభైల నీయి ఎన్ని?