ఉంగరంలోంచి దూరినంత మాత్రాన

పోయిన చలికాలం హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనకు వెళ్లి మా పెద్దమ్మ నాలుగున్నర వేలు పెట్టి శాలువా కొనుక్కొచ్చింది. లేత బూడిద రంగు, అంచున సన్నటి కుట్టుపని. అమ్మినతను ఆమె వేలి ఉంగరమే అడిగి తీసుకుని, శాలువా మొత్తాన్నీ అందులోంచి లాగి చూపించాడట. తర్వాత కుచ్చులోంచి ఒక పోగు తెంపి అగ్గిపుల్లతో అంటించాడు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. మిగిలిన నల్లటి మసి వేళ్ల మధ్య పొడైపోయింది. "చూశారా అమ్మా, అసలు పశ్మీనా" అన్నాడు. ఇంకేం అడుగుతుంది? కొనేసింది.

ఆ రెండు పరీక్షల్లోనూ శాలువా నిజంగానే నెగ్గింది. కానీ అది పశ్మీనా కాదు. జౌళి పరీక్షశాలలో పనిచేసే మా బంధువొకరు దాని పోగులను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, పదింట తొమ్మిది పాళ్లు మెరినో గొర్రె ఉన్ని, మిగిలింది కాష్మీర్ అని తేలింది. అమ్మినతను మాయ చేసి పోగు మార్చలేదు. అతను చూపించిన పరీక్షలు ఈ రెంటినీ విడదీయలేవు, అంతే.

ఎందుకో చెప్తాను. మంటలో పెట్టి చూసేది ఆ పోగు జంతువుదా కాదా అన్న సంగతి. మేక బొచ్చయినా, గొర్రె ఉన్ని అయినా, మన జుట్టయినా కెరటిన్ అనే ప్రోటీనే. అన్నీ ఒకేలా కాలతాయి, ఒకే వాసన వేస్తాయి. యాక్రిలిక్, పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడతాయి, విస్కోస్ కాగితంలా కాలుతుంది. కాబట్టి పూర్తి కృత్రిమ నూలును మంట పట్టిస్తుంది, మెరినోను పట్టించదు. ఇక ఉంగరం చెప్పేది బట్ట పల్చదనం గురించి మాత్రమే. పల్చటి పట్టు, విస్కోస్, సన్నటి మెరినో అన్నీ ఉంగరంలోంచి హాయిగా జారిపోతాయి.

అసలు ఈ రెండు నూళ్లూ ఎక్కడ పుడతాయో చూస్తే మోసానికి కారణం కూడా అక్కడే కనిపిస్తుంది. కాష్మీర్ అంటే మేక ఒంటి మీద గరుకు బొచ్చు కింద చలికి మొలిచే మెత్తటి లోపలి నూగు. లడఖ్‌లో సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైన ఉన్న చాంగ్‌థాంగ్ పీఠభూమిలో చాంగ్‌పా పశుపోషకులు పెంచే మేకల నూగుతోనే కశ్మీరులో పశ్మీనా నేస్తారు. ప్రపంచంలో ఎక్కువ భాగం సరుకు మాత్రం చైనా, మంగోలియాల నుంచి వస్తుంది. చలి తగ్గాక ఆ నూగు తనంతట తానే ఊడొస్తుంది, దాన్ని దువ్వి తీస్తారు. ఒక్కో మేక నుంచి ఏడాదికి సుమారు పావుకిలో ముడిసరుకు. దుమ్ము, గరుకు వెంట్రుకలు ఏరేశాక చేతికి మిగిలేది వంద గ్రాముల లోపే.

మెరినో సంగతి వేరు. 1797లో ఆస్ట్రేలియాలో అడుగుపెట్టిన ఆ జాతి గొర్రె ఇప్పుడు అక్కడి ఉన్ని వ్యాపారానికే ఆధారం. ఏడాదికోసారి కత్తిరిస్తే ఒక్కో గొర్రె నాలుగైదు కిలోలు ఇస్తుంది. కడిగితే జిడ్డు, మట్టి పోయి బరువు బాగా తగ్గినా, మేకతో పోలికే లేదు. అందుకే శుభ్రం చేసిన మంచి మెరినో కిలో వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరికితే, నూగు మాత్రమే మిగిల్చిన కాష్మీర్ దానికి దాదాపు పదింతలు పలుకుతుంది. ఏటేటా ధరలు మారినా ఈ అంతరం మాత్రం పోదు.

ఇప్పుడు పెద్దమ్మ శాలువాకు లెక్క కడదాం. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, బరువు 200 గ్రాములు. వృథా పోయేది కలుపుకుంటే పావుకిలో నూగు కావాలి, అంటే కనీసం మూడు మేకల ఏడాది పంట. కిలో పదివేల చొప్పున ఒక్క సరుకుకే రెండున్నర వేలు. అది మొత్తం చేత్తో వడికితే ఒక మనిషికి నెల పైనే పడుతుంది. ఆపైన నేత, అద్దకం, ఉతుకు, వ్యాపారి లాభం. చేత్తో వడికి చేమగ్గం మీద నేసిన సాదా పశ్మీనా శాలువా పది పన్నెండు వేలకు తక్కువ రావడం కష్టమని ఇక్కడే తెలిసిపోతుంది. అదే పదింట తొమ్మిది పాళ్లు మెరినో కలిపితే సరుకు ఖర్చు ఐదు వందల లోపు. ఒక్క శాలువా మీద మిగిలేది రెండు వేలు. పైగా మెరినో పొడవైనది, బలమైనది కాబట్టి మిల్లులో వడికి మరమగ్గం మీద నేయొచ్చు. చేతికూలి ఖర్చు కూడా పోతుంది.

గ్రేడ్ల దగ్గర మరో తికమక ఉంది. నూలు సన్నదనాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక అరవై, డెబ్భై మైక్రాన్లు ఉంటుంది. లడఖ్ నూగు పన్నెండు నుంచి పదిహేను. వ్యాపారంలో ఏ గ్రేడ్ కాష్మీర్ అంటే సుమారు పదిహేనున్నర లోపు సన్నదనం, మూడున్నర సెంటీమీటర్ల దాకా పొడవు. బీ, సీ గ్రేడ్లకు వచ్చేసరికి పోగు మందమవుతుంది, పొట్టిదవుతుంది. అయితే ఈ అక్షరాలు వ్యాపారులు పెట్టుకున్నవే, చట్టం పెట్టినవి కావు. అమెరికా చట్టం చెప్పేది సగటున 19 మైక్రాన్లు మించకూడదనీ, 30 మైక్రాన్లు దాటిన మందపు పోగులు బరువులో నూటికి మూడు మించకూడదనీ. అంటే కొసాకొసన ఉన్న సరుకు కూడా అక్కడ 'వంద శాతం కాష్మీర్' అనిపించుకుంటుంది.

మెరినో గ్రేడు మనకు తెలియకుండానే తెలిసినది. పెళ్లి సూటు గుడ్డ అంచు మీద 'సూపర్ 120' అని చూసే ఉంటారు. సూపర్ 100 అంటే పోగు 18.75 మైక్రాన్లు మించకూడదు. 120 అంటే 17.75, 150 అంటే 16.25. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నం. ఇప్పుడు పోల్చి చూడండి. పదహారు మైక్రాన్ల మెరినో, పద్దెనిమిదిన్నర మైక్రాన్ల కాష్మీర్ కన్నా సన్నగా ఉంటుంది! ఒంటికి మెత్తగా తగిలిందని కాష్మీర్ అనుకోవడం, కాస్త గరుకుగా ఉందని కాదనుకోవడం, రెండూ పొరపాటే. మెత్తదనం తెచ్చే సిలికాన్ పూతలు ఉండనే ఉన్నాయి. ఊలు అల్లే మన ఆడవాళ్లకు బాగా తెలిసిన కాష్మిలాన్‌లో అయితే పేరులో తప్ప కాష్మీర్ లేదు, అది యాక్రిలిక్.

మరి ఇంట్లో తేల్చుకోగలిగింది ఏమైనా ఉందా? కొంత ఉంది. మొదట, ఒక్క కుచ్చు పోగుతో సరిపెట్టకండి. కుచ్చులు సాధారణంగా పడుగు కొసలు. పడుగు ఉన్ని, పేక విస్కోస్‌గా నేసిన బట్టలో కుచ్చును ఎంత కాల్చినా పేక సంగతి బయటపడదు. లోపలి అంచు నుంచి పేక పోగు ఒకటి లాగి విడిగా చూడాలి. మంట కన్నా నేను నమ్మేది బ్లీచ్‌ని. సోడియం హైపోక్లోరైట్ ఉండే తెల్ల బట్టల బ్లీచ్‌ను నీళ్లు కలపకుండా ఒక గాజు గిన్నెలో కాస్త పోసి, రెండు పోగులనూ అందులో వేసి అరగంట వదిలేయండి. కిటికీ తెరిచి ఉంచాలి, వేరే ఏ క్లీనరూ అందులో పడకూడదు. మేక, గొర్రె, పట్టు పోగులు బుడగలు వచ్చి కరిగిపోతాయి. విస్కోస్, నూలు, నైలాన్, యాక్రిలిక్ అలాగే మిగులుతాయి. మంట ఉన్నదీ లేనిదీ చెప్తే, ఇది ఎంత మిగిలిందో కూడా కంటికి చూపిస్తుంది.

రెండోది పొడవు. ఒక పోగు పురి విప్పి, లోపలి వెంట్రుకలను సూదితో నెమ్మదిగా విడదీసి నల్ల కాగితం మీద పరవండి. కాష్మీర్ అయితే మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. ఆరేడు సెంటీమీటర్ల వెంట్రుకలు వరుసగా వస్తుంటే అందులో మెరినో ఉన్నట్టే. తిరగేసి చెప్పడానికి మాత్రం వీల్లేదు: పొట్టిగా ఉన్నంత మాత్రాన కాష్మీర్ కాదు, ఎందుకంటే మెరినోను తెంపి పొట్టి చేసి కలిపేవాళ్లున్నారు. ఇంటి పరీక్షలన్నీ ఇంతే. కాదని తేల్చగలవు, ఔనని తేల్చలేవు.

ఔనని తేల్చేది మైక్రోస్కోపే. జంతువు వెంట్రుక పైన పొలుసులుంటాయి. ఈతచెట్టు మాను చూడండి, మట్టలు రాలిన గుర్తులు దగ్గరదగ్గరగా, అంచులు పైకి లేచి గరుగ్గా ఉంటాయి. గొర్రె ఉన్ని అలా ఉంటుంది. పోకచెట్టు మాను నున్నగా, దూరదూరంగా పల్చటి గీతలతో ఉంటుంది, కాష్మీర్ అదీ. పరీక్షశాలలో వందల పోగులను ఒక్కొక్కటిగా చూసి, పొలుసు అంచు ఎంత ఎత్తుందో కొలిచి, ఏది ఎన్నో లెక్కపెట్టి శాతం కడతారు. గొర్రె పొలుసు అంచు మందం మేక దానికి సుమారు రెట్టింపు.

ఇందులోనూ ఒక కంత ఉంది. ఉన్నికి క్లోరిన్ పట్టించి పొలుసులను కరిగించి, లాగి సన్నం చేస్తే ఈత మాను పోక మానులా కనిపించడం మొదలవుతుంది. అనుభవం ఉన్న కన్ను కూడా తడబడుతుంది. డీఎన్ఏ చూద్దామంటే, అద్దకాలకూ బ్లీచింగుకూ అది చెదిరిపోయి ఉంటుంది. అందుకే ఇప్పుడు ప్రోటీన్ ముక్కలను తూచి ఏ జంతువుదో చెప్పే యంత్రాల వైపు ప్రయోగశాలలు చూస్తున్నాయి.

కొనేటప్పుడు ఇంత తతంగం ఎవరికీ కుదరదు. కశ్మీర్ పశ్మీనాకు 2008లో జీఐ గుర్తింపు వచ్చింది. శ్రీనగర్‌లోని పరీక్షా కేంద్రం పోగు సన్నదనం 16 మైక్రాన్ల లోపు ఉందా, చేత్తో వడికిందా, చేత్తో నేసిందా అని చూసి, విడి నంబరున్న ముద్ర వేస్తుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొనేటప్పుడు చూడాల్సింది ముందున్న పెద్ద అక్షరాలు కాదు, లోపల కుట్టిన చిన్న పట్టీ. అక్కడి చట్టానికి 'పశ్మీనా' అనే పోగు పేరే లేదు, కాష్మీర్ ఎంత శాతమో పట్టీ మీద రాసి తీరాలి. 'కాష్మీర్ బ్లెండ్' అని రాసి లోపల నూటికి ఐదు ఉన్నవీ దొరుకుతాయి.

నన్నడిగితే, నాలుగైదు వేలు చేతిలో ఉన్నవాళ్లు అదే ధరకు దొరికే సీ గ్రేడ్ కాష్మీర్ కన్నా మంచి మెరినో కొనుక్కోవడం మేలు. పొడవు పోగు కాబట్టి ఉండలు కట్టడం తక్కువ, నాలుగు కాలాలు ఉంటుంది. మెరినోలో తప్పేమీ లేదు, దాన్ని మెరినో అని చెప్పి, మెరినో ధరకే అమ్మాలి.

ఈ ఏడాది పెద్దమ్మ అలాంటి ప్రదర్శనకే వెళ్లి ఇంకో కొట్టు ముందు ఆగింది. ఈసారి ఉంగరం ఇవ్వలేదు. "బాబూ, బిల్లు మీద వంద శాతం కాష్మీర్ అని రాసి సంతకం పెట్టివ్వు, కొంటాను" అంది. అతను కాసేపు ఆమె వంక చూసి, చేతిలో ఉన్న శాలువా మడతపెట్టి పక్కనపెట్టాడు. కింద పెట్టెలోంచి ఇంకోటి తీసి, "ఇది మెరినో అమ్మా, పదహారు వందలు" అన్నాడు. ఆమె అదే తెచ్చుకుంది.