ముందు అడిగిన ప్రశ్న, తర్వాత దొరికిన జవాబు

గుండెపోటు వచ్చినవాళ్లకు ఆస్పిరిన్ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయా? ఈ ప్రశ్నతో జరిగిన ‘ఐసిస్-2’ అధ్యయనం 1988లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయింది. గుండెపోటు అనుమానంతో ఆస్పత్రులకు వచ్చిన 17,187 మంది అందులో పాల్గొన్నారు. ఆస్పిరిన్ వాడినవాళ్లలో అయిదు వారాల్లోపు గుండె, రక్తనాళాల జబ్బుతో సంభవించిన మరణాలు 23 శాతం తగ్గాయి. ఎవరికి ఎంత మేలు జరిగిందో గుంపులవారీగా చూపించే చోట పరిశోధకులు కావాలనే ఒక వింత లెక్క చేర్చారు. పుట్టిన తేదీలను బట్టి రోగులను రాశులుగా విడదీశారు. మిథున, తులా రాశులవాళ్లకు ఆస్పిరిన్ మేలు చేయకపోగా, వాళ్లలో మరణాలు కాస్త పెరిగినట్టు తేలింది. మిగతా పది రాశులవాళ్లలో మాత్రం 28 శాతం తగ్గాయి.

తులా రాశి రోగికి ఆస్పిరిన్ ఆపేయమని ఏ డాక్టరూ చెప్పడు. కానీ అదే పట్టికలో రాశుల బదులు ‘షుగరు ఉన్నవాళ్లు’, ‘స్త్రీలు’ అని ఉంటే? చాలామంది నమ్మేవారు, దానికో కారణం కూడా చెప్పేవారు. అంకెలను ఎన్ని రకాలుగా చీలిస్తే, లేని తేడా కనిపించే అవకాశం అంత పెరుగుతుందని పరిశోధకులు ఇలా నిరూపించారు.

దీని వెనక ఉన్నది చిన్న లెక్కే. మందుకూ ఫలితానికీ నిజంగా సంబంధం లేకపోయినా, అదృష్టం కొద్దీ ఏదో తేడా కనిపించవచ్చు. అలా కనిపించే అవకాశం 20లో ఒకటి కంటే తక్కువైతే తేడాను గణనీయమని పిలవడం పరిశోధనల్లో వాడుక. ఒకే ప్రశ్న అడిగితే మోసపోయే అవకాశం 5 శాతం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 ప్రశ్నలు అడిగితే, వాటిలో కనీసం ఒకటైనా మనల్ని మోసగించే అవకాశం 64 శాతం. పాఠకుడికి ఆ ఒక్క జవాబే చూపించి, మిగతా 19 ప్రశ్నల సంగతి చెప్పకపోతే, అతను దాన్ని 5 శాతం ప్రమాదమున్న జవాబనే అనుకుంటాడు.

సంక్రాంతి కోడిపందేల్లో డేగ గెలుస్తుందా, నెమలి గెలుస్తుందా అన్నది పుంజులు బరిలోకి దిగకముందే చెప్పాలి. పందెం ముగిశాక ‘నేను డేగ మీదే కాశాను’ అంటే ఎవరూ డబ్బివ్వరు. పరిశోధనలో ముందస్తు నమోదు చేసే పని ఇదే. ఏ ప్రశ్న అడుగుతాం, ఏ కొలత తీసుకుంటాం, ఏ లెక్క వేస్తాం అన్నవి సమాచారం చేతికి రాకముందే తేదీతో సహా బహిరంగంగా రాసి పెట్టడం. మన దేశంలో మనుషులపై జరిగే క్లినికల్ ట్రయల్స్ కోసం 2007లో సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ మొదలైంది. 2018 ఏప్రిల్ నుంచి, తొలి వ్యక్తిని చేర్చుకోకముందే నమోదయ్యే అధ్యయనాలను మాత్రమే అది తీసుకుంటోంది.

అయితే నమోదు చేయడం సగం పనే. మిగతా సగం పరిశోధన పత్రంలోని ‘పద్ధతులు’ అనే భాగంలో జరగాలి. ముందే అనుకుని చేసిన లెక్క ఏది, అంకెలు చూశాక పుట్టిన లెక్క ఏది అన్నది అక్కడ విడదీసి చెప్పాలి. రెండో రకాన్ని అన్వేషణ అంటారు. అన్వేషణ తప్పు కాదు, కొత్త ఆలోచనలు చాలావరకు అక్కడే పుడతాయి. దానికి ప్రణాళిక వేషం వేయడమే తప్పు.

ఆ తేడా ఎంత ముఖ్యమో ‘ఎలైట్’ కథ చెబుతుంది. గుండె బలహీనపడిన 722 మంది వృద్ధుల్లో లోసార్టాన్, క్యాప్టోప్రిల్ అనే రెండు మందులను పోల్చిన ఈ అధ్యయనం 1997లో వచ్చింది. ప్రధాన ప్రశ్న మూత్రపిండాల గురించి: ఏ మందు వాటిని తక్కువగా దెబ్బతీస్తుంది? జవాబు, రెండూ ఒకటే. రెండు గుంపుల్లోనూ 10.5 శాతం మందికి ఇబ్బంది వచ్చింది. కానీ మరణాలు లెక్కపెడితే లోసార్టాన్ వైపు 17, క్యాప్టోప్రిల్ వైపు 32 ఉన్నాయి. దాదాపు సగం! అప్పటికి క్యాప్టోప్రిల్ తరహా మందులే ఈ జబ్బుకు ప్రామాణిక వైద్యం. కాబట్టి ఇది చికిత్సనే మార్చేయగల అంకె.

అయినా ఆ అధ్యయనం వేసిన ప్రధాన ప్రశ్న మరణాల గురించి కాదు. అందుకే పరిశోధకులు ఆ అంకెను తుది తీర్పుగా తీసుకోకుండా, ఈసారి మరణాలనే ప్రధాన ప్రశ్నగా పెట్టి 3,152 మందితో ‘ఎలైట్-2’ నడిపారు. 2000లో ఫలితం వచ్చింది. లోసార్టాన్ గుంపులో 17.7 శాతం, క్యాప్టోప్రిల్ గుంపులో 15.9 శాతం చనిపోయారు. లోసార్టాన్ మెరుగని తేలలేదు. సగానికి సగం అనిపించిన మేలు, ముందే అడిగి చూస్తే కనబడలేదు.

మరి పద్ధతుల భాగాన్ని ఎలా రాయాలి? ఊహాజనితమైన ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థిని 200 మంది హైస్కూలు బాలికలతో థీసిస్ చేస్తోంది. సగం మందికి మూడు నెలలు రోజూ రాగిజావ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. హిమోగ్లోబిన్ పెరుగుతుందా అన్నది ఆమె ముందే నమోదు చేసిన ప్రశ్న. చివరకు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిరాశతో ఆమె అంకెలను తిరగేసింది. వయసు, ఊరు, ఇంటి ఆదాయం, రజస్వల అయ్యారా లేదా, మాంసం తింటారా లేదా, నులిపురుగుల మాత్ర వేసుకున్నారా లేదా ఇలా ఎనిమిది రకాలుగా విడదీసి చూసింది. మాత్ర వేసుకున్న బాలికల్లో మాత్రం రాగిజావ వల్ల హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపించింది. నమ్మశక్యంగా ఉన్న విషయమే, నులిపురుగులు రక్తహీనత తెస్తాయి కదా. ‘నులిపురుగుల మాత్ర వేసుకున్నవారిలో రాగిజావ ప్రభావం’ అని శీర్షిక మార్చేయాలన్న ఆశ సరిగ్గా ఇక్కడే పుడుతుంది. కానీ ఎనిమిది చూపుల్లో ఒక్కటైనా అదృష్టం కొద్దీ తగిలే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు.

ఆమె రాయాల్సింది మూడు చిన్న పేరాలు. మొదటి పేరా ఇలా ఉండాలి:

“ముందే అనుకున్న విశ్లేషణ: తొలి బాలికను చేర్చుకోకముందే ప్రణాళికను ఫలానా తేదీన, ఫలానా సంఖ్యతో నమోదు చేశాం. ప్రధాన ప్రశ్న ఒక్కటే: 90 రోజుల తర్వాత రెండు గుంపుల సగటు హిమోగ్లోబిన్‌లో తేడా ఉందా? మొదటి రోజు ఉన్న హిమోగ్లోబిన్‌ను లెక్కలోకి తీసుకుని పోల్చాం.”

నమోదు తేదీ ఒక్కటీ ఇస్తే సరిపోదు. ఆ రోజుకు సమాచారం ఎంతవరకు వచ్చిందో కూడా చెప్పాలి. సగం రక్తపరీక్షలు చూశాక చేసిన నమోదుకు విలువ లేదు.

రెండో పేరాను చాలామంది వదిలేస్తారు:

“ప్రణాళిక నుంచి పక్కకు జరిగిన చోట్లు: సెలవుల వల్ల చివరి రక్తపరీక్ష 90వ రోజు కాకుండా 100వ రోజు చేశాం. ఏ ఫలితమూ చూడకముందే ఈ నిర్ణయం తీసుకున్నాం. 14 మంది బడి మారడంతో చివరి పరీక్షకు అందుబాటులో లేరు.”

మార్పు ఏమిటి, ఎందుకు, ఫలితాలు చూడకముందా చూశాకా అన్న మూడు సంగతులూ ఉంటే, ఆ మార్పు ఫలితాన్ని ఎంత కదిలించి ఉంటుందో పాఠకుడే అంచనా వేసుకుంటాడు. ఇక మూడోది:

“సమాచారం చూశాక చేసిన అన్వేషణ: ప్రధాన ఫలితం తెలిశాక బాలికలను ఎనిమిది రకాలుగా విడదీసి పోల్చాం. అవేవీ నమోదు చేసిన ప్రణాళికలో లేవు. ఎనిమిదింటి ఫలితాలూ పట్టికలో ఇచ్చాం. వీటిని నిర్ధారణలుగా కాక, కొత్త అధ్యయనంలో పరీక్షించాల్సిన ఊహలుగా చూడాలి.”

ఈ పేరాకు ప్రాణం ‘ఎనిమిది’ అన్న మాట. ఎన్నిసార్లు వెతికారో చెప్పకపోతే, దొరికినదాని విలువ కట్టలేం. పనికిరాని ఏడు ఫలితాలూ పట్టికలో ఉండాల్సింది అందుకే.

ఇంత నిజాయతీగా రాసిన పత్రాలు కూడా ఒక చోట జారిపోతాయి. అది సారాంశం. లోపల అన్వేషణ అని చెప్పిన ఫలితం, పైనున్న సారాంశంలోకి వచ్చేసరికి ఆ మాట పోగొట్టుకుని నిర్ధారణగా మారుతుంది. ఎక్కువమంది చదివేది ఆ పది వాక్యాలే. పత్రికల్లో వార్తలు కూడా వాటి నుంచే పుడతాయి. అందుకే ‘అన్వేషణలో కనిపించింది’ అన్న మాట సారాంశంలోనూ ఉండాలి. ఫలితాల భాగం కూడా అవే మూడు శీర్షికలతో, అదే వరుసలో నడవాలి.

అడగాపెట్టకుండా ప్రశ్నను మార్చేయడం ఎంత మామూలో ‘కంపేర్’ బృందం తేల్చింది. 2015 చివర్లో మొదలుపెట్టి, అయిదు పేరున్న వైద్య పత్రికల్లో వచ్చిన 67 ట్రయల్స్‌ను వాటి ముందస్తు ప్రణాళికలతో వాళ్లు సరిపోల్చి చూశారు. తొమ్మిది మాత్రమే చెప్పింది చెప్పినట్టు చేశాయి. మిగతావాటిలో ప్రకటించిన కొలతలు కొన్ని మాయమయ్యాయి, ప్రకటించనివి మరికొన్ని ఏ వివరణా లేకుండా వచ్చి చేరాయి. ఇలా సరిపోల్చడం ఎవరైనా చేయవచ్చు. పత్రంలోని నమోదు సంఖ్యను రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతికి, నమోదు తేదీ, అధ్యయనం మొదలైన తేదీ, ప్రధాన ప్రశ్న చూడాలి. పత్రంలోని ప్రధాన ప్రశ్న వేరైతే, ఎందుకు మారిందో పద్ధతుల భాగంలో ఉండాలి. లేకపోతే అనుమానించాల్సిందే.

ముందస్తు నమోదుకూ పరిమితులున్నాయి. ‘రాగిజావ ఆరోగ్యాన్ని మెరుగుపరుస్తుందా చూస్తాం’ అని వదులుగా నమోదు చేస్తే, తర్వాత ఏ కొలత బాగా వస్తే దాన్నే ముందే అనుకున్నామని చెప్పుకోవచ్చు. కొలత, రోజు, లెక్క పద్ధతి స్పష్టంగా లేని నమోదు కాగితానికే పరిమితం. చెడ్డ ప్రశ్నను నమోదు మంచి ప్రశ్నగా మార్చదు, తప్పుగా కొలిచిన హిమోగ్లోబిన్‌ను సరిదిద్దదు. అది చేసేది ఒక్కటే, ప్రశ్న ముందు పుట్టిందా జవాబు ముందు పుట్టిందా అన్నది దాచలేకుండా చేస్తుంది.

థీసిస్ రాస్తున్నవాళ్లకూ, రాయిస్తున్న గైడ్లకూ ఒక మాట. అనుకున్న ఫలితం రాని అధ్యయనం ఓడిపోయినట్టు కాదు. రాగిజావతో తేడా రాలేదన్నది కూడా జవాబే, నులిపురుగుల మాత్ర ఆలోచన వచ్చే ఏడాది చేరే విద్యార్థికి మంచి ప్రశ్న. ఆ రెంటినీ వేరువేరు పేరాల్లో రాయండి. వాటిని కలిపేస్తే, ఆ వచ్చే విద్యార్థి ఇప్పటికే రుజువైందనుకుని అసలు పరీక్షించడమే మానేస్తాడు.