చిక్కుపడిన లూపుల లెక్క

మోటారు వేగాన్ని అదుపుచేసే వ్యవస్థను గీస్తే G1, G2, G3 అనే మూడు బ్లాకులు వరుసగా వచ్చాయనుకుందాం. G2 తర్వాతి సంకేతం H1 ద్వారా G1 ముందుకూ, G3 తర్వాతిది H2 ద్వారా G2 ముందుకూ తిరిగి వచ్చి, అక్కడి సంకేతంలోంచి తీసివేతకు వెళ్తాయి. రెండు లూపులూ ఒకదానిలోకొకటి చొరబడ్డాయి కనుక ఏదీ నేరుగా విడిపోదు.

బ్లాకులను కుదించే పద్ధతిలో H1 సంకేతం తీసుకునే చోటును G3 దాటించాలి. ఇప్పుడది G3 రెట్లు పెరిగిన సంకేతాన్ని అందుకుంటుంది కనుక H1 స్థానంలో H1/G3 రాయాలి. ఎక్కువమంది తడబడేది ఈ భాగహారం దగ్గరే. ఇక లోపలి లూపు G2G3/(1+G2G3H2) అవుతుంది. దానితో G1ను, బయటి లూపును కలిపితే:

T = G1G2G3/(1 + G1G2H1 + G2G3H2)

శామ్యూల్ మేసన్ 1950లలో ఇచ్చిన సూత్రంలో దేన్నీ జరపక్కర్లేదు. ముందుకు వెళ్లే దారి లాభం G1G2G3 పైన ఉంటుంది. కింద 1లోంచి లూపు లాభాల మొత్తాన్ని తీసేయాలి. ఇక్కడ రెండూ రుణాత్మకం కనుక కూడికలయ్యాయి. తాకని లూపుల జంట ఉంటేనే వాటి లబ్ధాన్ని కలపాలి. ఈ రెండూ G2ను పంచుకుంటాయి కనుక ఆ పదం రాదు.

G1=2, G2=5, G3=4, H1=0.1, H2=0.05 అయితే లూపు లాభాలు రెండూ −1. జవాబు 40/3, సుమారు 13.3. పొరపాటున లబ్ధాన్ని కలిపితే 10 వస్తుంది. రెండు దారుల్లోనూ చేసి చూస్తే ఈ తేడా బయటపడుతుంది. దారులు ఎక్కువైతే, ప్రతి దారినీ అది తాకని లూపులతో చేసిన గుణకంతో హెచ్చించాలి. ఇక్కడి ఒక్క దారీ రెండు లూపులనూ తాకుతుంది కనుక ఆ గుణకం 1.