సాయంత్రం కాళ్లకు దిగిన నీరు రాత్రి ఎక్కడికి పోతుంది?

మిల్లు పని చేసే ఇండ్లల్లో ఈ మాట వినని ఇల్లు ఉండదు: "షిఫ్టు దిగేసరికి కాళ్లు ఉబ్బుతున్నయి, చెప్పులు పడతలేవు." నిలబడి పని చేస్తే ఉబ్బవా అని ఊరుకుంటరు. చానా మందికి నిజంగా నిలబడుడే కారణం. కానీ మూత్రపిండాలు చెడినా, గుండె బలం తగ్గినా వాపు చీలమండల దగ్గర కనిపించొచ్చు. సాయంత్రం చూస్తే మూడూ ఒక్క తీరుగనే ఉంటయి. ఆ నీరు రాత్రి ఎటు పోయిందో చూస్తే తేడా కొంత తెలుస్తది.

నేను రింగు ఖాతాలో 30 ఏండ్లు సైడరుగ పని చేసిన. మా ఖాతాలో తెగిన దారం అతికిస్తూ ఫ్రేముల నడుమ తిరుగుతనే ఉండాలె. వైండింగులో కొందరు ఒక్కచోటే నిలబడేటోళ్లు. కాళ్ల వాపు వాళ్లకే ఎక్కువుండేది. ఎందుకో బీదర్‌లో ఒక డాక్టరమ్మ నాకు విడమరచి చెప్పింది.

పాదాల నుంచి రక్తం గుండెకు ఎదురెక్కాలె. దాన్ని పైకి తోసేది పిక్క కండ. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగిసి, లోపలి రక్తనాళాన్ని పిండుతది. ఎక్కిన రక్తం మళ్ల కిందికి జారకుండ నాళంలో చిన్న చిన్న కవాటాలు తలుపుల లెక్క మూసుకుంటయి. కదలకుండ నిలబడితే పిక్క పని చెయ్యదు. రక్తం బరువంతా చీలమండ మీద పడి, నీరు చర్మం కిందికి ఊరుతది. ఏండ్ల తరబడి ఇట్లయితే కవాటాలు సరిగ మూసుకోవు. అప్పుడే కాళ్ల మీద వంకర టింకర నీలి నరాలు తేలుతయి.

మా వాడలో ఒక వదిన సంగతి చెప్త. 46 ఏండ్లు, వైండింగు పని. రెండు కాళ్లు ఉబ్బేవి, ఎడమది కొంచెం ఎక్కువ. కుట్టుమిషను టేపుతో చీలమండ మీది భాగం కొలిచి రాసిపెట్టమన్న. పొద్దున మంచం దిగకముందు 22 సెంటీమీటర్లు, షిఫ్టు దిగినంక 24న్నర. సెలవు నాడు వాపు లేనట్టే. ఎముక మీద బొటనవేలితో పది, పదిహేను సెకండ్లు ఒత్తి తీస్తే సాయంత్రం గుంట పడేది, పొద్దున పడేది కాదు. రాత్రి ఒకసారి మూత్రానికి లేచేది, మళ్ల నిమ్మళంగ పడుకునేది. అంటే కాళ్ల నీరు పడుకున్నంక రక్తంలకు తిరిగి వచ్చి, మూత్రంల పోయింది. మూత్రపిండాలు, గుండె వాటి పని అవి చేస్తున్నయి.

అట్లని డాక్టరమ్మ అంతటితో ఆగలే. మూత్రంల ఆల్బుమిన్, రక్తంల క్రియాటినిన్, బీపీ చూసింది, అన్నీ బాగున్నయి. ఏ మాత్రలు వాడుతున్నవని అడిగింది. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ మాత్రతో కూడ కొందరికి చీలమండలు ఉబ్బుతయట. అట్లయితే మన ఇష్టంతో మాత్ర ఆపొద్దు, రాసిన డాక్టరుకు చెప్తే మారుస్తరు. వదినను నిలబెట్టి చూస్తే చీలమండ లోపలి పక్క చర్మం గోధుమ రంగుకు తిరిగింది, దురద కూడ ఉంది. డాప్లర్ పరీక్ష చేస్తే కవాటం కారుతున్నదని తేలింది. ఆ నల్లబడ్డ చోటే గోకి పుండు పడితే నెలల తరబడి మానదు.

ఆమెకు మోకాలి కింది దాక వచ్చే బిగుతు సాక్సు రాసిచ్చింది. వాపు లేని పొద్దునే కొలత తీసి, మంచం దిగకముందే తొడగాలె. ఇచ్చే ముందు పాదం మీద నాడి పట్టి చూసింది. బీడీ, షుగరు వల్ల పాదానికి రక్తం తెచ్చే నాళం మూసుకుంటున్న వాళ్లకు బిగుతు సాక్సు కీడు చేస్తది. పని నడుమ అరగంటకోసారి మడమలు ఎత్తి దించుమంది, ఇంటికొచ్చి అరగంట సేపు కాళ్లు గుండె కన్న ఎత్తులో పెట్టుమంది. సాక్సుతో కవాటం బాగు కాదు, వాపు ఆగుతది, పుండు పడే భయం తగ్గుతది. అది చాలకపోతే చెడిన నాళాన్ని లేజరుతోనో ఆపరేషనుతోనో మూసేస్తరు.

ఆ వదిన భర్త బేళ్లు ఎత్తే పని చేస్తడు. ఆయన కాళ్లు కూడ ఉబ్బినయి. "నాది గదే రోగం" అని మందుల దుకాణంల నీళ్ల మాత్ర కొని వేసుకున్నడు. నాలుగు రోజులు వాపు తగ్గింది. కానీ ఆయన నీరు రాత్రి వేరే దారి పట్టింది. పొద్దున లేస్తే కండ్ల కింద సంచులు, రెప్పలు బరువు. మూత్రం పోస్తే నురుగు చానా సేపు పోయేది కాదు. మూత్రపిండం జల్లెడ చెడి రక్తంల ఉండాల్సిన ప్రొటీను మూత్రంల కారిపోతే, నీరు రక్తంల నిలవదు, మెత్తటి చర్మం ఉన్న చోటల్లా చేరుతది. పరీక్షలో ఆల్బుమిన్ మూడు ప్లస్‌లు వచ్చింది. షుగరు ఉందని కూడ అప్పుడే తెలిసింది. మోకాళ్ల నొప్పికి రోజూ మింగే డైక్లోఫెనాక్ మాత్ర మూత్రపిండాన్ని ఇంక దెబ్బ తీస్తదని ఆపించి, కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపిన్రు. నీళ్ల మాత్ర వాపును దించింది గని, లోపలి జబ్బును కప్పి పెట్టింది. వదినసొంటి వాపుకైతే ఆ మాత్రతో పెద్ద లాభమే లేదు.

గుండె వాపు ఇంకో తీరు. ఇది కూడ సాయంత్రం ఎక్కువయి పొద్దున తగ్గుతది, అందుకే మోసం చేస్తది. పడుకున్నంక కాళ్ల నీరు రక్తంలకు తిరిగొస్తది గని, దాన్ని తోసే బలం గుండెకు లేదు. అది ఊపిరితిత్తుల దగ్గర నిలుస్తది. మనిషి రెండు మూడు దిండ్లు పెట్టుకుంటడు, నడిరాత్రి ఊపిరాడక లేచి కూసుంటడు, పడుకుంటే దగ్గు వస్తది. మెట్లు ఎక్కితే ఆయాసం. రెండు మూడు రోజులల్లనే రెండు కిలోల బరువు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. దీనికి ఈసీజీ, ఎకో పరీక్ష కావాలె, ఆలస్యం చెయ్యొద్దు. కూసున్నా ఊపిరి ఆడకపోతే రాత్రయినా ఆస్పత్రికి పోవాలె.

ఇంకో రెండు సంగతులు. ఒక్క కాలే హఠాత్తుగ ఉబ్బి, పిక్క నొప్పి పెట్టి వేడిగుంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ కాలును పిసకొద్దు, అదే రోజు చూపించాలె. రెండోది, బోదకాలు ఉన్న జిల్లాలల్ల మన బీదర్ ఒకటి. వాపు గట్టిగయి, పాదం మీద, వేండ్ల మీద కూడ ఉండి, పడుకున్నా తగ్గకపోతే ఆ పరీక్ష కూడ అడగాలె.

డాక్టరు దగ్గరికి పోయేముందు మూడు రోజులు పొద్దున, సాయంత్రం చీలమండ కొలత, పొద్దున బరువు రాసుకోండ్రి. లేవంగనే ముఖం ఉబ్బిందా, మూత్రం నురుగు వచ్చిందా, ఎన్ని దిండ్లు పెట్టుకున్నరు, ఇవి కూడ రాయండ్రి. వాడే మాత్రలన్నీ, నొప్పి మాత్రలతో సహా, ఒక సంచిల వేసుకుపోండ్రి. ఈఎస్ఐ కార్డు ఉన్నోళ్లు ఆ దవాఖానకు, లేనోళ్లు బ్రిమ్స్ ఆస్పత్రికి పోవచ్చు. ఏ పరీక్ష ముందు రాసినా, మూత్రం పరీక్ష మాత్రం మరువకుండ చేయించుకోండ్రి.